రేకు మీద మూడు మాటలు

మీ ఇంట్లో మిక్సీ ఉంటే ప్లగ్గు పీకేసి, జారు పక్కన పెట్టి, దాన్ని ఒక్కసారి బోర్లించి చూడండి. అడుగున చిన్న చీటీ అతికించి ఉంటుంది. దాని మీద 500 వాట్లనో, 750 వాట్లనో రాసి ఉంటుంది. మనలో చాలామందిమి ఆ అంకె చూసే మిక్సీ కొంటాం. అయితే ఆ 750 వాట్లు మిక్సీ గోడలోంచి పుచ్చుకొనేవా, లేక పప్పు నలగడానికి ఇచ్చేవా అని ఎప్పుడైనా ఆలోచించారూ? నేనైతే అరవై ఏళ్ళు దాటేదాకా ఆలోచించలేదు.

అవి పుచ్చుకొనే వాట్లు. అదే పిండిమరలో పెద్ద మోటారుంటుంది చూశారూ, దాని ఒంటికి బిగించిన రేకు మీద 3.7 కిలోవాట్లు అని ఉంటే, అది పుచ్చుకొనేది కాదు, ఇచ్చేది. ఇంట్లో వాడుకొనే సామాన్లకు ఒక ఆచారం, మోటార్లకు ఇంకో ఆచారమన్నమాట. ఇంగ్లీషులో మాత్రం రెండింటినీ జనం "రేటెడ్ పవర్" అనే పిలుస్తారు. ఇచ్చేవాడికీ పుచ్చుకొనేవాడికీ ఒకటే పేరు పెడితే సంసారం ఎలా సాగుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఈ గొడవలన్నీ నాకెందుకు వచ్చాయంటారా? తెలుగు టీచరుగా రిటైరై ఇంట్లో కూర్చున్నానని మా ఆడపడుచు భర్తకు నా మీద జాలి కలిగింది. ఆయనకు మా టౌన్లో మోటార్ల దుకాణం ఉంది. ఒకరోజు రెండు కాగితాలు పట్టుకొచ్చి, "చెల్లెమ్మా, నీకు చేతినిండా పని తెచ్చాను. ఈ మోటారు రేకు మీద ఉన్న మాటలూ, దాంతోపాటు వచ్చిన వివరాల కాగితమూ తెలుగులో రాసిపెడుదూ. కొనేవాళ్ళకు ఇస్తాను" అన్నారు.

"ఇదివరకు ఎవరూ రాయలేదా అన్నయ్యగారూ?" అన్నాను.

"రాశారమ్మా. అందుకే ఒక మోటారు కాలిపోయింది" అన్నారాయన.

మాటకు మోటారు కాలడమేమిటని నవ్వబోయి, ఆయన మొహం చూసి ఊరుకొన్నాను.

సంగతేమిటంటే, పక్క ఊళ్ళో పదిమంది ఆడవాళ్ళు గ్రూపుగా చేరి, బ్యాంకు అప్పు తీసుకొని కారం, పసుపు ఆడించే మర పెట్టుకొన్నారు. విదేశీ మర, దాంతో వచ్చిన అయిదు హెచ్.పి. మోటారు. దానికి పాత తెలుగు కాగితం ఒకటి జతచేసి ఇచ్చారు. ఆ కాగితంలో "నిర్ధారిత సామర్థ్యం 3.7", "సామర్థ్యం 86.3", "నిరోధక తరగతి ఎఫ్", "సేవా కారకం 1.15" అని ఉంది. ఎవరు రాశారో గానీ నిఘంటువు తీసి ఒక్కో ఇంగ్లీషు మాటకూ ఎదురుగా ఉన్న తెలుగు మాట దించేశారు. అక్షరదోషం ఒక్కటి లేదు. అర్థం మాత్రం ఎవరికీ తెలియదు.

మొదటి తగాదా మీటరు దగ్గర వచ్చింది. గంటకు 3.7 యూనిట్లు కాలుతాయనుకొని వాళ్ళు కిలోకు ఇంతని కూలి కట్టుకొన్నారు. మర నిండుగా ఆడిన గంటకు మీటరు 4.3 దగ్గర తిరుగుతోంది. "3.7 అని రాసిచ్చి 4.3 తాగే మోటారు అంటగట్టారు" అని దుకాణం మీదికి వచ్చారు. ఆ కాగితం చదివితే నేనైనా అలాగే వచ్చేదాన్ని.

ఇక్కడ చిక్కంతా "సామర్థ్యం" అనే మాటతో వచ్చింది. మన భౌతికశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో పవర్‌ను సామర్థ్యం అంటారు, ఎనర్జీని శక్తి అంటారు. బయట జనం వాడుకలో పవర్ కూడా శక్తే. పనితనానికీ, ఎంత పడుతుందనడానికీ కూడా సామర్థ్యమే వాడేస్తాం. పుచ్చుకొన్నదాంట్లో ఎంతవంతు పనికి మళ్ళిందో చెప్పే మాటకు పుస్తకాల్లో దక్షత అని మంచి మాటుంది. ఆ రాసినాయనకు అది తోచలేదు కాబోలు, అక్కడ కూడా సామర్థ్యమే వేశాడు. ఒక సామర్థ్యం 3.7, ఇంకో సామర్థ్యం 86.3. రెండో అంకె వందకు ఇంతని చెప్పే పాలు అని ఎవరికి తెలుస్తుంది?

లెక్క చాలా సులువు. మోటారు ఇరుసు దగ్గర మరకు ఇచ్చేది 3.7 కిలోవాట్లు. వందకు 86.3 పాళ్ళే పనికి మళ్ళుతాయి. కనుక 3.7 ఇవ్వాలంటే, 3.7ను 0.863తో భాగించినంత, అంటే దాదాపు 4.3 పుచ్చుకోవాలి. మీటరు అబద్ధమాడలేదు, మోటారూ దొంగతనం చెయ్యలేదు. మధ్యలో పోయిన 0.6 కిలోవాటు ఏమైందంటే, వేడయింది. ఇస్త్రీపెట్టె కన్నా కాస్త తక్కువ వేడి, మర ఆడినంతసేపూ ఆ ఇనప పెట్టె కడుపులో పుడుతూనే ఉంటుంది. ఈ వేడిని గుర్తుపెట్టుకోండి. తరవాత కథంతా దానిదే.

నేను "నిర్ధారిత సామర్థ్యం" కొట్టేసి "మోటారు ఇరుసు దగ్గర ఇచ్చే శక్తి" అని రాశాను. పాఠ్యపుస్తకం ప్రకారం శక్తి అనడం తప్పేనని నాకు తెలుసు. కానీ "అశ్వశక్తి" అని మన తాతలనాటి నుంచి అంటున్నాం. మర దగ్గర నిలబడ్డ మనిషికి ఆ మాటే అందుతుంది. దాని కిందే "నిండు బరువు మీద కరెంటు నుంచి పుచ్చుకొనేది 4.3" అని ఇంకో వరస చేర్చాను. అది ఇంగ్లీషు రేకు మీద లేదు. లేకపోయినా లెక్కకు అందే అంకే గనక, వాళ్ళు కూలి కట్టుకోవడానికి కావలసింది అదే గనక వేశాను.

రెండో మాటకు నాకు వైండింగు మేస్త్రీ గురువయ్యాడు. బస్టాండు వెనక చిన్న గదిలో రాగితీగ చుట్ల మధ్య కూర్చొని ఉంటాడు. "నిరోధక తరగతి ఎఫ్ అంటే ఏమిటి మేస్త్రీ?" అని అడిగితే, "అమ్మగారూ, అదేదో బళ్ళో పిల్లాడి తరగతిలా ఉంది. ఎఫ్ అంటే ఫెయిలా?" అన్నాడు. నేను "ఇన్సులేషన్ క్లాస్" అన్నాను. "అలా చెప్పండి మరి" అని పక్కనున్న మోటారు పీనుగ నొకదాన్ని ముందుకు లాగాడు.

నిరోధం అంటే రెసిస్టెన్సు. అది వేరే సంగతి. ఇన్సులేషన్ అంటే తీగలోని కరెంటు పక్క తీగలోకీ, ఇనుములోకీ దూకకుండా అడ్డంగా ఉండే కట్టుదిట్టం. పుస్తకాల్లో దాన్ని విద్యుద్బంధకం అంటారు. మేస్త్రీ వేలితో చూపించాడు. తీగకు పైపూతగా ఉండే ఎనామిలు ఒకటి, తీగ చుట్లు కూర్చొనే గాడిలో పరిచే కాగితం ఒకటి, అన్నీ అయ్యాక పోసే వార్నిష్ ఒకటి. ఈ మూడూ కలిసి ఎంత వేడి తట్టుకొంటాయో చెప్పేదే ఆ అక్షరం.

ఇందులో తమాషా ఏమిటంటే, మన బజారులో ఏ గ్రేడు బియ్యమంటే మేలురకం. ఇక్కడ తిరగబడి ఉంటుంది. ఏ తరగతి తట్టుకొనేది 105 డిగ్రీలు, బి తరగతి 130, ఎఫ్ 155, హెచ్ 180. అక్షరం దిగిన కొద్దీ ఓర్పు ఎక్కువ. ఆ గ్రూపు ఆడవాళ్ళు ఎఫ్ అని చూసి ఆరో రకం మోటారు అంటగట్టారని కూడా కోప్పడ్డారట.

మరి 155 డిగ్రీలంటే మోటారు ఒళ్ళు అంత కాలవచ్చునా? కూడదు. అది లోపల చుట్లలో అన్నిటికన్నా వేడెక్కిన చోట ఉండవలసిన గరిష్ఠ హద్దు. ఆ అంకెను మూడు ముక్కలు చేసి చూస్తే బాగా అర్థమవుతుంది. చుట్టూ ఉన్న గాలి 40 డిగ్రీలు అనుకొంటారు. మోటారు పని చేస్తూ సగటున 105 డిగ్రీలు పెంచుకోవచ్చు. మరీ వేడెక్కే చోటు కోసం ఇంకో 10 విడిచిపెడతారు. మొత్తం 155. అంటే చుట్టూ గాలి 40 దాటితే అక్కడినుంచి లోపలి లెక్కలో కోత పడుతుంది. మన రోహిణీకార్తెలో రేకుల షెడ్డు కింద గాలి 40 దగ్గర ఆగుతుందా? 47 ఉంటే, మర తిప్పకముందే ఆ మోటారు ఏడు డిగ్రీలు అప్పుపడ్డట్టే.

"హద్దు దాటితే వెంటనే కాలిపోతుందా?" అని అడిగాను.

"వెంటనే కాలితే బాగానే ఉండునమ్మా, అందరూ జాగ్రత్త పడుదురు. పెళుసెక్కుతుంది. అప్పడంలాగా. ఒకరోజు ఏ కుదుపుకో పొడుం రాలి, తీగకు తీగ తగులుతుంది" అన్నాడు. పుస్తకాల్లో చూస్తే ఇంజనీర్లు చెప్పే మోటు లెక్క కూడా ఉంది. హద్దు మీద ప్రతి పది డిగ్రీలకూ ఇన్సులేషన్ ఆయుష్షు సగానికి సగం తగ్గుతుందని.

అతను ఇంకోమాట చెప్పాడు, అది ఏ కాగితంలోనూ లేదు. కాలిన మోటారును మళ్ళీ చుట్టేటప్పుడు ఎవరైనా చవగ్గా పడుతుందని తక్కువ తరగతి కాగితమో, వార్నిషో వాడితే, మూడింట్లో బలహీనమైనదాని తరగతే ఆ మోటారు తరగతి. రేకు మీద మాత్రం ఎఫ్ అని అలాగే మెరుస్తూ ఉంటుంది.

ఆ రాత్రి నేను "నిరోధక తరగతి" కొట్టేసి, "లోపలి చుట్ల ఇన్సులేషన్ తట్టుకొనే వేడి: 155 డిగ్రీల దాకా, ఎఫ్ తరగతి, చుట్టూ గాలి 40 డిగ్రీలు దాటకూడదు" అని రాశాను. బంధకం అని ఎందుకు వెయ్యలేదంటే, మేస్త్రీకీ, ఎలక్ట్రీషియనుకూ, దుకాణంలో కుర్రాడికీ ఇన్సులేషన్ అనే మాట ఎప్పుడో తెలుగైపోయింది. తెలిసిన మాటను తీసి తెలియని మాట పెట్టడం తర్జుమా ఎలా అవుతుంది?

ఇక మూడోది. కాలిపోవడానికి కారణమైన మాట ఇదే. "సర్వీస్ ఫ్యాక్టర్ 1.15."

"సేవా కారకం" చదివి గ్రూపు లీడరు ఎలక్ట్రీషియన్ని అడిగిందట, ఇదేమిటని. అతను ఇంగ్లీషు పేరు పట్టుకొని, "మోటారు 15 పాళ్ళు ఎక్కువ మోస్తుంది" అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. అమెరికాలో విద్యుత్ పరికరాల తయారీదారుల సంఘం ఒకటుంది, నీమా అంటారు. వాళ్ళ పద్ధతిలో తయారైన మోటార్లకు ఈ అంకె వేస్తారు. రేకు మీద అయిదు హెచ్.పి. ఉండి ఫ్యాక్టర్ 1.15 ఉంటే, అవసరం పడ్డప్పుడు 5.75 దాకా మొయ్యగలదని. మన దేశపు పద్ధతిలో వచ్చే మోటార్లకు మామూలుగా ఆ అంకే ఉండదు. రేకు మీద ఎంత ఉంటే అంతే మోత. సర్వీసు అంటే ఇక్కడ సేవా కాదు, మెకానిక్కు దగ్గర చేయించే సర్వీసింగూ కాదు. మోటారు చేసే చాకిరీ. ఫ్యాక్టర్ ఆ చాకిరీలో మిగులు.

ఆ ఎలక్ట్రీషియన్ స్టార్టరులో ఉండే రిలేను 7.3 ఆంపియర్ల నుంచి 8.4కు జరిపాడు. 7.3ను 1.15తో హెచ్చిస్తే వచ్చేది అంతే. రిలే అంటే మోటారు మోతాదుకు మించి కరెంటు లాగితే ఆపేసే కాపలావాడు. కాపలావాడికి "ఇంకాస్త చూసీచూడనట్టు ఉండు" అని చెప్పారన్నమాట. పెద్ద పుల్లీ వేసి మరలో మిరపకాయలు మరింత పోయడం మొదలెట్టారు. వేసవి, కారాల సీజను, గిరాకీ బాగా ఉంది. టాంగ్ టెస్టరు పెట్టి చూస్తే 8.3 చూపించేదట. రిలే పడలేదు. 8.4 లోపలే ఉంది కదా.

ఇప్పుడు వివరాల కాగితం ఇంగ్లీషులో తీరిగ్గా చదివితే ఒక సంగతి కనబడింది. అందులో రెండు నిలువు వరసలున్నాయి. ఒకటి 60 హెర్ట్జ్ కరెంటుకు, ఇంకొకటి 50కి. అమెరికా కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతుంది, మనది 50 సార్లు. 60 వరసలో సర్వీస్ ఫ్యాక్టర్ 1.15 అని ఉంది. 50 వరసలో 1.0 అని ఉంది. పాత తెలుగు కాగితం రాసినాయన మొదటి వరసే దించాడు. మన దేశంలో ఆ మోటారుకు మిగులు లేదు. ఒకటి అంటే ఉన్నదే ఉన్నది అని అర్థం.

ఎందుకు తేడా? కారణాల్లో ఒకటి ఆడవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. మోటారుకు వెనక ఫ్యాను దాని ఇరుసు మీదే ఉంటుంది. 50 మీద ఇరుసు మెల్లిగా తిరుగుతుంది, ఫ్యానూ మెల్లిగా తిరుగుతుంది, గాలి తగ్గుతుంది. పైగా కారంపొడి, పసుపుపొడి మోటారు ఒంటిమీది గాడుల్లో పేరుకొని దుప్పటి కప్పినట్టయింది. కరెంటు 15 పాళ్ళు పెరిగితే చుట్లలో వేడి 15 పాళ్ళు పెరగదు, దాదాపు మూడోవంతు పెరుగుతుంది. ఎందుకంటే ఆ వేడి కరెంటు వర్గాన్ని బట్టి పోతుంది. 1.15ను 1.15తో హెచ్చించి చూడండి, 1.32 వస్తుంది. పైన రేకుల షెడ్డు. ఇంక చెప్పేదేముంది! వేసవి దాటకముందే ఒక మధ్యాహ్నం ఘాటు మారిందట. మిరప ఘాటులో వార్నిష్ కాలే వాసన వాళ్ళకు ఆలస్యంగా తెలిసింది.

ఫేజు పోయి కాలిందేమో అని దుకాణంలో వాదించారు. మేస్త్రీ మూత విప్పి చూపించి వాదన తేల్చేశాడు. మూడు ఫేజుల్లో ఒకటి పోయి కాలితే కొన్ని చుట్లు బొగ్గయి, పక్కవి కొత్తవాటిలా మెరుస్తుంటాయి. వరసగా ఒకటి మాడి ఒకటి మంచిది కనబడుతుంది. ఇందులో అన్ని చుట్లూ ఒకే తీరున, మాడిన అట్టులాగా నల్లబడ్డాయి. బరువెక్కువైనా, గాలాడక ఉడికినా అలాగే కాలుతుందని చెప్పాడు.

మోటారు బాగుచేయించేదాకా మర ఆగింది. అప్పు వాయిదా ఆగదు కదా. ఆ నెల పదిమందీ తలా కొంత ఇంట్లోంచి తెచ్చి కట్టారు. ఒకావిడ చెవులవి తాకట్టు పెట్టిందని లీడరు చెప్పింది. మాటకు విలువ అంటే ఏమిటో నేను ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పాను గానీ, ఇంత కచ్చితమైన లెక్క ఎప్పుడూ వినలేదు.

"సర్వీస్ ఫ్యాక్టర్" దగ్గర నేను రెండు రోజులు ఆగాను. అదనపు మోత గుణకం అంటే, ఎలక్ట్రీషియన్ చేసినట్టే మొయ్యమని ఆహ్వానించినట్టుంటుంది. నీమా పద్ధతిలో కూడా ఆ మిగులు వాడుకొంటే మోటారు మరింత వేడెక్కుతుంది, ఆయుష్షు తగ్గుతుంది. అది రోజూ తినే అన్నం కాదు, పోపులడబ్బాలో దాచుకొన్న డబ్బు. చివరికి "అత్యవసరానికి మించి మోసే బరువు: మన కరెంటు మీద లేదు. రిలే 7.3 దాటి పెట్టకూడదు" అని రాశాను. ఇంగ్లీషులో ఒక అంకె ఉన్నచోట తెలుగులో రెండు వాక్యాలయ్యాయి. అన్నయ్యగారు చూసి, "పొడుగైందేమో చెల్లెమ్మా" అన్నారు. "రీవైండింగు బిల్లు కన్నా పొట్టే కదా అన్నయ్యగారూ" అన్నాను.

మూడు మాటలూ పక్కపక్కన పెట్టి చూసుకొంటే నాకే ఒక సంగతి తోచింది. ఇంగ్లీషు రేకు అంతా నామవాచకాలతో నడుస్తుంది. పవర్, క్లాస్, ఫ్యాక్టర్. వాటికి బదులు మనం సంస్కృతం నుంచి నామవాచకాలే తెచ్చి పేరిస్తే సామర్థ్యం, తరగతి, కారకం అని రాళ్ళలా కూర్చొంటాయి. ఎవరు చేస్తారో, ఎంతదాకా చేస్తారో చెప్పవు. తెలుగుకు క్రియ కావాలి. ఇచ్చే శక్తి, తట్టుకొనే వేడి, మించి మోసే బరువు. ఇవ్వడం, తట్టుకోవడం, మొయ్యడం. ఈ మూడూ ఏమిటో మనింట్లో ఎవరినీ అడిగి తెలుసుకోనక్కరలేదు సుమండీ.

ఇంగ్లీషు రేకును మాత్రం పీకవద్దని మరీమరీ చెప్పాను. మోటారు మార్చాలన్నా, చుట్టించాలన్నా ఆ అక్షరాలే ఆధారం. తెలుగు కాగితం దాని పక్కన, స్టార్టరు పెట్టె మీద అంటించుకోవాలి.

కాగితం చివర మేస్త్రీ సలహా మీద ఒక ఖాళీ వరస కూడా వదిలాను: "మళ్ళీ చుట్టించిన తేదీ, వాడిన సరుకు తరగతి." మొన్న ఆ ఊరు వెళ్ళి చూస్తే స్టార్టరు పెట్టె మీద నా కాగితానికి ప్లాస్టిక్ కవరు తొడిగి అంటించారు. ఖాళీ వరసలో లీడరు గుండ్రటి అక్షరాలతో తేదీ వేసి, "ఎనామిలు ఎఫ్, కాగితం ఎఫ్, వార్నిష్ ఎఫ్, మూడూ డబ్బా మీద చూశాం" అని రాసుకొంది.